ఒక్క అక్షరం తప్పు లేదు, అనంతపురం రేటు మాత్రం కర్నూలుకి పోయింది

కలాసిపాళ్యంలో ఒక లారీ బుకింగ్ ఆఫీసు ఉంది. అక్కడి గుమాస్తా హిందూపురం మనిషి, అరవై దాటిన పెద్దాయన. బెంగళూరులో నలభై ఏళ్ళుగా ఉంటున్నా మాటలో హిందూపురం యాస పోలేదు. స్కాన్ చేసిన కాగితాల్లోంచి పట్టికలు తీసి డేటాబేసులో పెట్టడం మా టీము పని. ఆయన ఆఫీసు రేటు కార్డులు కూడా మేమే చదివిస్తున్నాం. ఒక రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఏం నాయనా, కర్నూలుకి మూడొందల కిలోల సరుకుకి మీ కంప్యూటరు బాడిగ పద్దెనిమిది వందలు వేసింది. ఇరవై నాలుగొందలు రావాల కదా. ఆర్నూర్లు ఎవరిస్తారు?"

నేను డాష్‌బోర్డు తెరిచి చూశాను. ఆ కార్డుకి అక్షరాల కచ్చితత్వం 100 శాతం. పక్కన పచ్చ చుక్క కూడా ఉంది. "మా దగ్గర అంతా సరిగ్గానే చదివినట్టు చూపిస్తోందండీ" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణంలో నిజంగానే అలా నమ్మాను.

"చదవడం సరే, ఏ రేటు ఏ ఊరిదో చూసుకోవద్దా?" అన్నాడాయన.

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే. పట్టికను చదివే ప్రోగ్రాముకి మార్కులు ఎలా వేయాలి? అక్షరాలు లెక్కపెడితే ఎందుకు కుదరదు? ఈ రంగంలో వాళ్ళు కట్టుకున్న కొలతలు ఏం పట్టుకుంటాయి, ఏం వదిలేస్తాయి? ఈ చివరి ప్రశ్న దగ్గర నాకొక గట్టి అభిప్రాయం ఉంది. అక్కడికి అంకెలతోనే వస్తాను.

ముందు ఆ కార్డు చూడండి. అవసరం లేనివి తీసేసి చిన్నది చేశాను.

```
ఊరు         బరువు (కిలోలు)   కిలోకి రేటు
            50 లోపు          9
అనంతపురం    50-200           7
            200 పైన          6
            50 లోపు          12
కర్నూలు     50-200           10
            200 పైన          8
```

ఊరి పేరు మూడు వరుసల మీదుగా సాగే ఒకే పెద్ద గడి. ఎక్సెల్‌లో మెర్జ్ చేయడమంటామే, అదే. పేరు ఆ గడి మధ్యలో అచ్చయింది. ఆ కార్డు గుమాస్తా జేబులో మడతపడి నలిగింది, సరిగ్గా 7కి 6కి మధ్య మడత పడింది. స్కాన్‌లో ఆ మడత సన్నటి గీతలా కనబడింది. అసలు గీత, అంటే అనంతపురానికి కర్నూలుకి మధ్యనున్నది, వెలిసిపోయింది. దాంతో మా మోడల్ మడతనే సరిహద్దు అనుకుంది. అనంతపురానికి రెండు వరుసలు ఇచ్చి, కర్నూలుకి నాలుగు ఇచ్చింది. కోడ్‌లో తేడా ఇంతే:

```html
<!-- సరైనది -->
<td rowspan="3">అనంతపురం</td>
<td rowspan="3">కర్నూలు</td>

<!-- మోడల్ ఇచ్చింది -->
<td rowspan="2">అనంతపురం</td>
<td rowspan="4">కర్నూలు</td>
```

ఫలితంగా అనంతపురానికి 200 కిలోల పైన రేటే లేకుండా పోయింది. కర్నూలుకి మాత్రం ఆ బరువుకి రెండు రేట్లు వచ్చాయి, 6 ఒకటి, 8 ఒకటి. మా ప్రోగ్రాము మొదట కనబడ్డది తీసుకుంది. 300 కిలోలను 6తో హెచ్చిస్తే 1800. ఆర్నూర్లు అలా పోయాయి.

ఇందులో ఒక్క అక్షరం తప్పు చదవలేదు, ఒక్క అంకె తారుమారు కాలేదు. మరి అక్షరాల లెక్కకి ఇది ఎలా తెలుస్తుంది?

అక్షరాల కచ్చితత్వం కొలిచే పద్ధతి సులువే. సరైన పాఠాన్ని, మోడల్ ఇచ్చిన పాఠాన్ని రెండు పొడుగాటి దారాల్లా పక్కపక్కన పెడతారు. ఒకదాన్ని రెండోదానిగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అని లెక్కించి, దాన్ని మొత్తం అక్షరాల సంఖ్యతో భాగిస్తారు. ఉత్తరాలకి, పుస్తకాల పేజీలకి ఇది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ అర్థం కూడా ఆ దారం వెంబడే నడుస్తుంది. పట్టికలో అర్థం దారం వెంట నడవదు. 6 అనే అంకెకి అర్థం దాని ఎడమనున్న బరువు నుంచి, ఇంకా ఎడమనున్న ఊరి నుంచి, పైనున్న శీర్షిక నుంచి వస్తుంది. దారంగా చేసిన క్షణంలోనే ఆ చుట్టరికాలన్నీ తెగిపోతాయి. తెగ్గొట్టి, ఆ తర్వాత తెగిందా లేదా అని కొలవడం ఎలా కుదురుతుంది?

"కర్నూలు గడి ఒక వరుస పైకి జరిగింది కదా, ట్యాగులు తీసేసి పాఠం పోలిస్తే ఆ మాట చోటు మారినట్టు కనబడదా?" అని ఎవరైనా అడగొచ్చు. కనబడుతుంది, కొద్దిగా. కానీ అది అక్షరాలు తప్పు చదివినట్టుగా లెక్కలో చేరుతుంది, చుట్టరికం తెగిందని చెప్పదు. పైగా మేము ఆ కొద్దిదాన్ని కూడా కావాలనే తీసేశాం. స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ ఇంజన్లు ఒకటి వరుస వెంట, ఒకటి కాలమ్ వెంట చదువుతాయి. రెండూ సరిగ్గా చదివినా, దారాలుగా పోలిస్తే ఘోరంగా తేడా వస్తుంది. ఆ దొంగ హెచ్చరికలు భరించలేక, మాటల క్రమాన్ని వదిలేసి ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో మాత్రమే పోల్చడం మొదలుపెట్టాం. చాలాచోట్ల ఇలాగే చేస్తారు. సంచిలో పోసి బియ్యం గింజలు లెక్కపెట్టినట్టన్నమాట. ఏ గింజ ఏ వెన్నుదో సంచికి తెలియదు.

మెర్జ్ అయిన గడిని మోడల్ మరోలా కూడా పాడుచేస్తుంది. ఊరి పేరుని మొదటి వరుసలో ఒక్క గడిలో పెట్టి, కింద రెండు గడుల్ని ఖాళీగా వదిలేస్తుంది. అప్పుడు దారం కూడా మారదు, ఖాళీ గడికి అక్షరాలు ఉండవు కదా. క్రమంతో కొలిచినా, క్రమం లేకుండా కొలిచినా 100కి 100.

ఈ రెండు తప్పులకీ పేర్లు పెట్టుకుందాం, ముందుముందు పనికొస్తాయి. సరిహద్దు జరిగిపోయిన మొదటిదాన్ని 'జారుడు' అందాం. పెద్ద గడి ముక్కలై ఖాళీలు మిగిలిన రెండోదాన్ని 'ఖాళీలు' అందాం, రెండు ఊళ్ళకీ అలాగే అయిందనుకుందాం.

పట్టిక ఆకారాన్ని కొలవడానికి ఈ రంగంలో మూడు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి.

మొదటిది ఇరుగుపొరుగు పద్ధతి. గోబెల్, హసన్, ఓరో, ఓర్సీ 2012లో ప్రతిపాదించారు. కాగితాల్ని కంప్యూటరుతో చదివించే పరిశోధకుల సదస్సు ఐసీడీఏఆర్ 2013లో జరిపిన పట్టికల పోటీలో దీన్నే వాడారు. ప్రతి గడికీ కుడివైపు పొరుగు ఎవరు, కింద పొరుగు ఎవరు అని జంటలు రాసుకుంటారు. ఖాళీ గడుల్ని లెక్కలోకి తీసుకోరు, వాటిని దాటి అవతలున్న గడిని పొరుగు అంటారు. సరైన జాబితాలోని జంటలు మోడల్ జాబితాలో ఎన్ని దొరికాయి, మోడల్ చెప్పిన జంటల్లో ఎన్ని సరైనవి అని చూసి, రెండింటినీ కలిపి ఎఫ్1 అనే ఒక అంకె తీస్తారు.

మా కార్డులో సరైన జంటలు 28. జారుడులో వీటిలో 27 అలాగే ఉంటాయి. అనంతపురం పక్కన '200 పైన' అన్న జంట ఒక్కటి పోయి, దాని బదులు కర్నూలు పక్కన '200 పైన' ఇంకోసారి వస్తుంది. ఎఫ్1 0.964. ఖాళీలలో అయితే ఊరికి, బరువుకి మధ్యనున్న ఆరు జంటల్లో రెండే మిగులుతాయి. చెప్పినవన్నీ సరైనవే, కానీ 28లో 24 మాత్రమే చెప్పింది. ఎఫ్1 0.923.

ఈ రెండు అంకెలూ పక్కన పెట్టుకోండి.

రెండోది టెడ్స్. ఐబీఎం పరిశోధకులు షూ ఝాంగ్, షఫీబవానీ, హిమెనో యెపెస్ 2019లో పబ్‌ట్యాబ్‌నెట్ అనే డేటాసెట్‌తో పాటు దీన్ని తెచ్చారు. ఆ డేటాసెట్‌లో 5 లక్షల 68 వేల పట్టికల బొమ్మలున్నాయి, వైద్య పరిశోధన పత్రాల నుంచి తీసినవి. ఇరుగుపొరుగు పద్ధతి మీద వాళ్ళ ఫిర్యాదు న్యాయమైనదే. పక్కనున్న గడి వరకే చూస్తుంది గనుక ఖాళీ గడుల వల్ల వచ్చే తప్పులు, ఒక గడి దాటి జరిగిన తప్పులు దానికి అందవు. గడిలోని మాట అచ్చం అలాగే ఉంటేనే సరి, ఒక్క అక్షరం తేడా ఉన్నా పూర్తిగా తప్పు.

టెడ్స్ పట్టికని ఒక చెట్టుగా చూస్తుంది. వేరు దగ్గర పట్టిక, దానికి కొమ్మలు వరుసలు, కొమ్మలకి ఆకులు గడులు. మోడల్ ఇచ్చిన చెట్టుని సరైన చెట్టుగా మార్చడానికి కనీసం ఎన్ని మార్పులు కావాలో లెక్కిస్తారు. ఒక కణుపుని చేర్చినా తీసినా ఖర్చు 1. రెండు గడుల్ని పోల్చినప్పుడు ఎన్ని వరుసలు, కాలమ్‌లు పరుచుకున్నాయో తేడా ఉంటే ఖర్చు 1. ఆ పరుపు సరిపోతే, లోపలి మాటల్లో ఎంత తేడా ఉందో దాన్నిబట్టి సున్నాకీ ఒకటికీ మధ్య ఖర్చు.

```
TEDS(Ta, Tb) = 1 - EditDist(Ta, Tb) / max(|Ta|, |Tb|)
```

అంటే మొత్తం ఖర్చుని రెండు చెట్లలో పెద్దదాని కణుపుల సంఖ్యతో భాగించి, 1లోంచి తీసేస్తారు. మా కార్డుకి లెక్క కడదాం. పట్టిక కణుపు 1, తలభాగం 1, ఒడలు 1, వరుసలు 7, గడులు 17. మొత్తం 27. జారుడుని సరిచేయడానికి అనంతపురం గడి పరుపు మార్చాలి, ఖర్చు 1. కర్నూలు గడిని ఉన్న వరుసలోంచి తీసి కింది వరుసలో పెట్టాలి, ఖర్చు 2. మొత్తం 3. స్కోరు 1 లోంచి 27కి 3 తీసేస్తే 0.889. ఖాళీలలో మోడల్ చెట్టుకి నాలుగు గడులు ఎక్కువ, మొత్తం 31. రెండు ఊళ్ళ పరుపు మార్చాలి, నాలుగు ఖాళీ గడులు తీసేయాలి, ఖర్చు 6. స్కోరు 0.806.

మూడోది గ్రిట్స్. మైక్రోసాఫ్ట్‌కి చెందిన స్మాక్, పేసల, ఏబ్రహాం 2022లో ప్రకటించారు. టెడ్స్ మీద వాళ్ళ అభ్యంతరం ఏమిటంటే, చెట్టులో వరుసకి ఒక కొమ్మ ఉంది గానీ కాలమ్‌కి లేదు. పట్టికకి వరుస ఎంతో కాలమ్ అంతే. అందుకని వాళ్ళు చెట్టుని వదిలి, పట్టికని గళ్ళ నోటుపుస్తకంలాగే ఉంచి పోలుస్తారు. మా కార్డు ఏడు వరుసలు, మూడు కాలమ్‌లు, 21 గళ్ళు. మెర్జ్ అయిన గడి ఎన్ని గళ్ళ మీద పరుచుకుంటే అన్ని గళ్ళలోనూ దాని పేరు ఉన్నట్టే. జారుడులో 21 గళ్ళలో ఒక్కటే మారింది, మూడో రేటు పక్కన అనంతపురం ఉండాల్సిన చోట కర్నూలు. పాఠాన్ని చూసే గ్రిట్స్ స్కోరు సుమారు 0.96. ఖాళీలలో నాలుగు గళ్ళు వట్టిపోయాయి, 21లో 17 మిగిలాయి, 0.81. పాఠం వదిలేసి పరుపుని మాత్రమే చూసే గ్రిట్స్‌లో జారుడుకి 0.893, ఖాళీలకి 0.81.

ఇప్పుడు అన్నీ వరుసగా చూడండి. ఇరుగుపొరుగులో జారుడు మేలు, టెడ్స్‌లో జారుడు మేలు, గ్రిట్స్ రెండింటిలోనూ జారుడు మేలు. మూడు పద్ధతులు, ముగ్గురు వేర్వేరు పెద్దమనుషులు, ఒకరి మీద ఒకరికి ఫిర్యాదులున్నవాళ్ళు. అందరూ ఒక్కమాట మీద ఖాళీల మోడల్ కంటే జారుడు మోడలే మంచిదన్నారు.

కలాసిపాళ్యంలో సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఖాళీలు వస్తే, పైనున్న ఊరి పేరునే కిందికి లాగు అనే ఒక్క నియమం చాలు, ఆరు రేట్లూ ఆరు చోట్లా సరిగ్గా కూర్చుంటాయి. ఆ నియమం లేకపోయినా, ఊరు లేని రేటు అని ప్రోగ్రాము ఆగిపోతుంది, ఎవరో ఒకరు చూస్తారు. జారుడులో ఏదీ ఆగదు. ఖాళీ లేదు, తప్పు అక్షరం లేదు, గడులన్నీ నిండుగా ఉన్నాయి. బిల్టీ అచ్చవుతుంది, లారీ వెళ్ళిపోతుంది.

ఈ కొలతలు తప్పని నేననడం లేదు. అవి అడిగే ప్రశ్న వేరు. ఈ ఆకారాన్ని ఆ ఆకారంగా మార్చడానికి ఎంత పని పడుతుందని అవి అడుగుతాయి. సరిదిద్దే మనిషి ఎన్ని క్లిక్కులు కొట్టాలో తెలియాలంటే అది మంచి ప్రశ్నే. రేట్లు ఎన్ని తప్పాయన్నది మరో ప్రశ్న. ఎన్ని కణుపులు కదిలాయన్న దానికీ, ఎన్ని నిజాలు అబద్ధాలయ్యాయన్న దానికీ మధ్య తప్పనిసరి సంబంధమేమీ లేదు.

వరుసల తప్పుల్లోనూ ఇదే కథ. అదే ఆఫీసు ఇంకో కార్డులో అనంతపురం '200 పైన' గడిలో రెండో లైనుగా 'హమాలీ వేరు' అని ఉంది. మోడల్ ఆ రెండో లైనుని కొత్త వరుస అనుకుంది. అనంతపురం పరుపు నాలుగైంది, ఒక వరుస, రెండు గడులు కొత్తగా పుట్టాయి. పాఠం వదిలి ఆకారం మాత్రమే చూసే టెడ్స్‌లో ఖర్చు 4, చెట్టు 30 కణుపులు, స్కోరు 0.867. జారుడుకి వచ్చిన 0.889 కంటే తక్కువ. ఇక్కడ ఒక్క రేటు కూడా చెడలేదు, హమాలీ మాట ఒక్కటే విడిపోయి కింద పడింది.

దీనికి ఎదురుగా ఇంకోటి. ఒక కార్డులో కర్నూలుకి 50 లోపు రేటు ఇవ్వలేదు, ఆ గడి ఖాళీ. కింద 10, 8 ఉన్నాయి. మోడల్ గళ్ళన్నీ సరిగ్గా గీసింది, కానీ మాటల్ని గళ్ళలో పోసేటప్పుడు రేట్లని ఒక వరుస పైకి లాగింది. 10 పోయి '50 లోపు' పక్కన, 8 పోయి '50-200' పక్కన కూర్చున్నాయి, '200 పైన' ఖాళీ అయింది. సంచిలో గింజలు సరిపోయాయి కాబట్టి మాటల కచ్చితత్వం 100. ఆకారం మాత్రమే చూసే టెడ్స్ 1.0, పరుపు చూసే గ్రిట్స్ కూడా 1.0. పాఠం జట్టు, ఆకారం జట్టు విడివిడిగా తమ పని తాము బ్రహ్మాండంగా చేశామని చెప్పుకోవచ్చు. కర్నూలుకి ఉన్న రేట్లు మాత్రం రెండుకి రెండూ చెడ్డాయి.

రెండూ కలిపి చూసే టెడ్స్ దీన్ని పట్టుకుంటుంది. మూడు గడుల్లో మాట మారింది, ఒక్కోదానికి ఖర్చు 1, స్కోరు 0.889. ఈ అంకె ఇంతకుముందు చూశారు, జారుడుకి వచ్చింది కూడా ఇదే. ఒకచోట ఒక రేటు చెడింది, ఇంకోచోట రెండు. అంకె ఒక్కటే. నివేదికలో 0.889 అని మాత్రమే రాస్తే చదివేవాడికి ఏం అర్థమవుతుంది?

అందుకే ఈ పనిలో ముదిరినవాళ్ళు టెడ్స్‌ని ఎప్పుడూ జంటగా చూస్తారు, పాఠంతో కలిపి ఒకటి, ఆకారం మాత్రమే ఒకటి. రెండూ పడితే గళ్ళు గీయడంలో తప్పుంది. మొదటిది పడి రెండోది నిలబడితే ఓసీఆర్ తప్పు చదివిందో, మాటలు వేరే గళ్ళలో పడ్డాయో. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి అప్పుడు సంచి లెక్క పనికొస్తుంది. మాటలన్నీ ఉండి టెడ్స్ పడిందంటే, చదవడం బాగుంది, పోయడం బాగోలేదు. అక్షరాల కచ్చితత్వాన్ని నేను తిడుతున్నాను గానీ, దీనికి మాత్రం అది అవసరం.

పాఠంతో కలిపిన టెడ్స్‌లో ఒక చిన్న మెలిక కూడా ఉంది. డబ్బు లెక్కలు చూసేవాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవాలి. గడిలో '7' ఉంటే దాన్ని '1' అని చదివితే ఖర్చు పూర్తి 1. అదే గడిలో '12,450.00' ఉండి '12,950.00' అని చదివితే తొమ్మిది అక్షరాల్లో ఒకటి మారింది కాబట్టి ఖర్చు 0.11. మొదటిదానిలో ఆరు రూపాయలు, రెండోదానిలో ఐదొందలు. కొలతకి అక్షరాలు తెలుసు, రూపాయలు తెలియవు.

ఇక పెద్ద పట్టికల సంగతి. జారుడుకి ఖర్చు 3 అనుకున్నాం కదా. అదే తప్పు మూడు వందల వరుసల కార్డులో జరిగినా ఖర్చు 3 మాత్రమే, కానీ భాగించేది వెయ్యి దాటిన కణుపులతో. స్కోరు 0.997 పైన ఉంటుంది, ఎవరూ తలెత్తి చూడరు. పోయే డబ్బు మాత్రం చిన్న కార్డులో పోయినంతే, ఒక్కోసారి ఎక్కువ. ఆపైన వెయ్యి పట్టికల స్కోర్ల సగటు తీసి 0.96 అని స్లైడ్ మీద పెడతారు, అందులో మెర్జ్ గడి ఒక్కటి కూడా లేని సాదా పట్టికలు చాలా ఉంటాయి. పబ్‌ట్యాబ్‌నెట్ మీద పనిచేసేవాళ్ళు మెర్జ్ గడులు లేని సాదా పట్టికల్ని, ఉన్న చిక్కు పట్టికల్ని విడదీసి రెండు స్కోర్లు ఇవ్వడం ఊరికే కాదు. మా దగ్గర కూడా ఇప్పుడు విడదీస్తాం. చిక్కు పట్టికల స్కోరు చూడకుండా సగటు చూపించేవాళ్ళని నేను నమ్మను. ఈ మాట మా మేనేజరుతో కూడా అన్నాను, ఆయనకి నచ్చలేదు.

మరి మేం ఏం చేశామంటే, గుమాస్తా చేసేదే చేశాం. ఫోన్ వచ్చిన మర్నాడు నేను కలాసిపాళ్యం వెళ్ళాను. ఆయన రేటు కార్డు ఎలా సరిచూస్తాడో అడిగితే, స్కేలు తీసి ఒక వరుస కింద పెట్టాడు. రేటు మీద వేలు పెట్టి "ఇది ఏ ఊరికి, ఎంత బరువుకి" అని తనని తానే అడిగి, ఎడమవైపుకి జరుగుతూ జవాబు చెప్పుకున్నాడు. తర్వాత స్కేలు ఇంకో వరుసకి. పట్టిక ఆకారం గురించి ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. ప్రతి రేటుకీ దాని ఊరు, దాని బరువు దొరికాయా అన్నదే ఆయన లెక్క.

దాన్నే ప్రోగ్రాములో పెట్టాం. సరైన పట్టికలోంచి ఊరు, బరువు, రేటు అనే మూడేసి మాటల గుత్తులు తీస్తాం. మోడల్ పట్టికలోంచి కూడా తీస్తాం, ఖాళీలుంటే పై పేరుని కిందికి లాగాకే. తర్వాత మూడు అంకెలు రాస్తాం, సరిపోయిన గుత్తులు, దొరకని గుత్తులు, కొత్తగా పుట్టిన తప్పుడు గుత్తులు. చివరి రెండింటినీ కలపం, ఎందుకంటే దొరకనిది గోల చేస్తుంది, తప్పుడుది నోరు మూసుకుని కూర్చుంటుంది.

మా కార్డులో ఖాళీలకి ఆరులో ఆరు సరిపోయాయి, దొరకనిది లేదు, తప్పుడుది లేదు. హమాలీ కార్డులోనూ ఆరు రేట్లూ తమ ఊరితో, బరువుతోనే ఉన్నాయి. జారుడులో ఐదు సరిపోయాయి, ఒకటి దొరకలేదు, ఒకటి తప్పుడుది. రేట్లు పైకి జరిగిన కార్డులో ఉన్న ఐదు రేట్లలో మూడు సరిపోయాయి, రెండు దొరకలేదు, రెండు తప్పుడువి. ఈ నాలుగింటినీ మంచినుంచి చెడుకి పేర్చమంటే గుమాస్తా పెట్టే వరుస, ఈ అంకెలు పెట్టే వరుస ఒకటే.

దీనికి ఒక ఖరీదుంది. ఏ కాలమ్ శీర్షికో, ఏ కాలమ్ విలువో ముందే తెలిసుండాలి. రేటు కార్డులకి తెలుసు, ఆస్పత్రి రిపోర్టుకో బ్యాంకు స్టేట్‌మెంటుకో ఇంకో నియమం రాసుకోవాలి. ఏ పట్టిక వస్తుందో తెలియని చోట, మోడల్‌ని మోడల్‌తో పోల్చే చోట, టెడ్స్, గ్రిట్స్ తప్ప దారి లేదు. అవి ఏ పట్టిక మీదైనా నడుస్తాయి, వాటి బలం అదే. అందుకని మేం వాటిని తీసేయలేదు. మోడల్ మార్చినప్పుడు ఆ స్కోర్లు చూస్తాం, కస్టమరుకి పంపేముందు గుత్తులు చూస్తాం.

గుత్తులతో కూడా తేలనిది ఒకటి మిగిలింది. అదేమిటంటే సరైన పట్టిక అని మనం దేన్ని అంటున్నామో అదే ఒక్కోసారి సరైనది కాకపోవచ్చు. గ్రిట్స్ రాసినవాళ్ళే పబ్‌టేబుల్స్ అనే పెద్ద డేటాసెట్ తయారుచేస్తూ, ముందున్న డేటాసెట్లలో ఒకే పెద్ద శీర్షిక గడి అనాల్సినవి ముక్కలై, ఒక ముక్కలో పేరు, మిగిలినవి ఖాళీగా గుర్తించి ఉన్నాయని చూపించారు. అంటే మన ఖాళీల తప్పే జవాబు కాగితంలో సరైనదిగా ఉంది. గడిని సరిగ్గా కలిపిన మోడల్‌కి అక్కడ మార్కులు పోతాయి. వాళ్ళు ఆ ముక్కల్ని నియమాల ప్రకారం కలిపి, డేటాని శుభ్రం చేశారు.

మా దగ్గరా ఇది ఉంది. పోయిన నెల ఇంకో లారీ ఆఫీసు నుంచి వచ్చిన కార్డులో అడ్డగీతలే లేవు. మూడు ఊళ్ళు, పదకొండు వరుసలు, ఊరి పేర్లు ఎక్కడో మధ్యమధ్యలో తేలుతున్నాయి. మా టీములో ఇద్దరికి విడివిడిగా ఇచ్చి గళ్ళు గీయమన్నాను. నెల్లూరు అమ్మాయి మొదటి ఊరికి నాలుగు వరుసలు ఇచ్చింది, గుంటూరు అబ్బాయి మూడు ఇచ్చాడు. ఇద్దరి పట్టికల్నీ ఒకదానితో ఒకటి పోల్చి టెడ్స్ తీస్తే 0.9 పైనే వచ్చింది. మోడల్‌కి ఆ స్కోరు వస్తే బాగుందనుకునేవాళ్ళం.

ఫొటో హిందూపురం పెద్దాయనకి వాట్సాప్‌లో పంపాను, వేరే ఆఫీసు కార్డైనా ఆయనకి తెలుస్తుందేమోనని. అరగంట తర్వాత ఫోన్ చేశాడు.

"బరువు చూడు నాయనా. 50 లోపు అని ఎక్కడ మళ్ళీ మొదలైతే అక్కడ కొత్త ఊరు. ఈ కార్డులో 500 పైన అని ఒక శ్లాబు ఎక్కువుంది, అందుకే మొదటి ఊరికి నాలుగు. ఆ పాప చెప్పిందే కరెక్టు."

ఇద్దరూ గీతల కోసం వెతికారు, బరువుల వైపు చూడలేదు. ఆ మాట జవాబు కాగితాలు తయారుచేసేవాళ్ళ సూచనల్లో మొదటి లైనుగా రాశాను. మూడో ఊరికి 500 శ్లాబు ఉందో లేదో మాత్రం ఆ కార్డులో చిరిగిన అంచు దగ్గర ఉంది, దాన్ని లెక్కలోంచి తీసేశాం.